స్ప్లైసింగ్ పేర్లన్నీ నోటికొచ్చినా మార్కులు ఎందుకు పోతున్నాయి: ఒక్క ఇంట్రాన్‌తో మొత్తం చాప్టర్

ప్రశ్న: "ఎం.ఎస్సీ. బయోటెక్నాలజీ రెండో సంవత్సరం. నెట్‌కి ప్రిపేర్ అవుతున్నాను. ఆర్‌ఎన్‌ఏ స్ప్లైసింగ్ నాలుగుసార్లు చదివాను. యూ1, యూ2, లారియట్ అన్నీ నోటికొచ్చు. అయినా మాక్ టెస్ట్‌లో 'ఈ మ్యుటేషన్ వస్తే ఏమవుతుంది' అని అడిగితే ప్రతిసారీ తప్పే పోతోంది. చాలా టెన్షన్‌గా ఉంది. దీన్ని ఎలా చదవాలి?"

పేర్ల జాబితాను పక్కన పెట్టి, నిజంగా ఉన్న ఒక ఇంట్రాన్‌ను కాగితం మీద అక్షరాలతో సహా రాసుకుని చదవండి. ప్రతి ప్రశ్ననూ దాని మీదే పరీక్షించి చూడండి. అడగాల్సినవి మూడే. ఏ OH ఏ ఫాస్ఫేట్ మీద దాడి చేస్తోంది? ఆ క్షణంలో అక్కడ ఎవరు కూర్చుని ఉన్నారు? చివరికి ఎన్ని అక్షరాలు పోయాయి లేదా చేరాయి, ఆ సంఖ్య మూడుతో భాగించబడుతుందా? మ్యుటేషన్ ప్రశ్న ఏదైనా ఈ మూడింటిలో ఒకదాని మీదే నడుస్తుంది.

నేను చాలా ఏళ్లు తలసీమియా డీఎన్‌ఏ పరీక్షలు చేసే ల్యాబ్‌లో పనిచేశాను, తర్వాత ఎం.ఎస్సీ. విద్యార్థులకు పాఠాలు చెప్పాను. అందుకే నాకు చేతికొచ్చిన ఇంట్రాన్ బీటా గ్లోబిన్ జన్యువులోని మొదటిది. అది చిన్నది, 130 అక్షరాలే. పైగా మన దేశంలో బీటా తలసీమియాకు అన్నిటికంటే ఎక్కువగా కనిపించే మ్యుటేషన్ ఈ ఇంట్రాన్‌లోనే ఉంది. ఈ జన్యువులో మూడు ఎక్సాన్లు, వాటి మధ్య రెండు ఇంట్రాన్లు. మొదటి ఇంట్రాన్ 30వ కోడాన్‌ను మధ్యలో చీల్చుకుని కూర్చుంది. ఆ కోడాన్‌లో రెండు అక్షరాలు మొదటి ఎక్సాన్ చివర, మూడోది రెండో ఎక్సాన్ మొదట్లో ఉంటాయి. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. ఇంట్రాన్లు కోడాన్ల మధ్య నీట్‌గా ఉంటాయని చాలామంది అనుకుంటారు. స్ప్లైసియోజోమ్‌కు కోడాన్లు కనిపించవు. అది చూసేది హద్దుల దగ్గరి అక్షరాలనూ, వాటి పక్కన వచ్చి కూర్చున్న ప్రోటీన్లనూ మాత్రమే.

మొదట రసాయనం

ఇంట్రాన్‌లో నాలుగు గుర్తులు ఉంటాయి. ముందు చివర GU, అంటే 5′ స్ప్లైస్ సైట్. వెనక చివర AG, అంటే 3′ స్ప్లైస్ సైట్. ఆ AGకి సాధారణంగా 18 నుంచి 40 అక్షరాల ముందు బ్రాంచ్ పాయింట్ అడినిన్. ఆ అడినిన్‌కూ AGకీ మధ్య యురాసిల్, సైటోసిన్ ఎక్కువగా ఉండే పాలీపిరిమిడిన్ పట్టీ.

మొదటి చర్యలో బ్రాంచ్ అడినిన్ తన 2′-OHతో 5′ స్ప్లైస్ సైట్ దగ్గరి ఫాస్ఫేట్ మీద దాడి చేస్తుంది. మొదటి ఎక్సాన్ తెగి విడిపోతుంది, దాని చివర 3′-OH ఖాళీగా మిగులుతుంది. ఇంట్రాన్ ముందు చివర వచ్చి అడినిన్‌కు 2′-5′ బంధంతో అతుక్కుని ఉచ్చులా మారుతుంది. ఇదే లారియట్. రెండో చర్యలో విడిపోయిన మొదటి ఎక్సాన్ తన 3′-OHతో 3′ స్ప్లైస్ సైట్ ఫాస్ఫేట్ మీద దాడి చేస్తుంది. రెండు ఎక్సాన్లూ కలుస్తాయి, లారియట్ బయటికి పోతుంది.

ఇక్కడ ఒక లెక్క చూడండి. ప్రతి చర్యలో ఒక ఫాస్ఫోడైఎస్టర్ బంధం తెగింది, ఒకటి కొత్తగా ఏర్పడింది. శక్తి లెక్క దాదాపు సరిపోయింది. కాబట్టి ఈ రెండు రసాయన చర్యలకూ ఏటీపీ అక్కర్లేదు. అయినా న్యూక్లియర్ ఎక్స్‌ట్రాక్ట్‌లో ఏటీపీ లేకపోతే స్ప్లైసింగ్ జరగదు. ఎందుకంటే యంత్రాన్ని కూర్చడానికీ, మధ్యలో జతలు మార్చడానికీ, చివర్లో విడదీయడానికీ పనిచేసే హెలికేజ్‌లు ఏటీపీని ఖర్చుపెడతాయి. "స్ప్లైసింగ్‌కు ఏటీపీ కావాలి" అన్న వాక్యం ఒప్పు. "ట్రాన్స్‌ఎస్టరిఫికేషన్‌కు ఏటీపీ జలవిశ్లేషణ కావాలి" అన్నది తప్పు. పేపర్లో ఈ రెండూ పక్కపక్కనే ఇస్తారు. నా దగ్గరికి వచ్చే విద్యార్థుల్లో సగం మంది కోచింగ్ నోట్సులో ఈ రెండూ ఒకే వాక్యంగా రాసుకుని వచ్చేవారు.

జెల్ బొమ్మ ఇచ్చి అడిగే ప్రశ్నలు కూడా ఈ రెండు చర్యల మీదే. మొదటి చర్య మాత్రమే జరిగితే మిగిలేవి రెండు ముక్కలు: ఒంటరి మొదటి ఎక్సాన్, రెండో ఎక్సాన్ ఇంకా తగిలించుకుని ఉన్న లారియట్. బ్రాంచ్ అడినిన్‌ను మార్చితే, పక్కన మరో అడినిన్ ఆ పని అందుకోకపోతే, మొదటి చర్యే జరగదు. ముక్కలేమీ కనిపించవు. పాలీపిరిమిడిన్ పట్టీ బాగా పొడవుగా ఉన్న ఇంట్రాన్‌లో చివరి AGని మార్చితే చాలాసార్లు మొదటి చర్య జరిగిపోతుంది, రెండోది ఆగిపోతుంది. అప్పుడు పై రెండు ముక్కలూ పేరుకుంటాయి. ఇంకో విషయం: లారియట్ గుండ్రంగా ఉండటం వల్ల పాలీఅక్రిలమైడ్ జెల్‌లో తన పొడవుకు తగ్గట్టు కాకుండా బాగా నెమ్మదిగా, ఒక్కోసారి అసలు ప్రీ-ఎంఆర్‌ఎన్‌ఏ కంటే పైనే ఉండిపోతుంది. "అన్నిటికంటే పై బ్యాండ్ అంటే అన్నిటికంటే పెద్దది" అనుకుంటే అక్కడే మార్కు పోతుంది.

ఎవరు ఎప్పుడు కూర్చుంటారు

స్ప్లైసియోజోమ్‌లో ఉండే ఐదు చిన్న ఆర్‌ఎన్‌ఏలు యూ1, యూ2, యూ4, యూ5, యూ6. యూ3 ఈ జాబితాలో లేదు. అది రైబోజోమల్ ఆర్‌ఎన్‌ఏ తయారీలో పనిచేస్తుంది. వరుసలో మూడు ఉండాలి కదా అని చాలామంది దాన్ని చేర్చేస్తారు.

వీటిని వరుసగా బట్టీ పట్టకండి. ఎవరి సీటు ఏదో చూడండి. మొదట యూ1 వచ్చి 5′ స్ప్లైస్ సైట్‌తో అక్షరాలు జతకట్టి కూర్చుంటుంది. బ్రాంచ్ పాయింట్ దగ్గర ఎస్‌ఎఫ్1 అనే ప్రోటీన్, పాలీపిరిమిడిన్ పట్టీ మీద యూ2ఏఎఫ్ పెద్ద భాగం, AG మీద దాని చిన్న భాగం కూర్చుంటాయి. ఇక్కడి దాకా ఏటీపీ అవసరం రాదు. తర్వాత ఏటీపీ ఖర్చుతో యూ2 వచ్చి ఎస్‌ఎఫ్1ని లేపి తను బ్రాంచ్ పాయింట్ చుట్టూ జతకడుతుంది. ఆ అడినిన్ మాత్రం జత లేకుండా బయటికి ఉబ్బి నిలుస్తుంది. అలా ఉబ్బి ఉండబట్టే దాని 2′-OH దాడికి సిద్ధంగా ఉంటుంది.

ఆ తర్వాత యూ4, యూ5, యూ6 ముగ్గురూ ఒకే గుంపుగా వస్తారు. అప్పటికి యూ6ను యూ4 గట్టిగా పట్టుకుని ఉంటుంది, అంటే యూ6 పని చేయకుండా తాళం వేసి ఉందన్నమాట. ఇప్పుడు రెండు మార్పులు జరుగుతాయి. 5′ స్ప్లైస్ సైట్ నుంచి యూ1 లేస్తుంది, ఆ సీటులో యూ6 కూర్చుంటుంది. యూ4 కూడా యూ6ను వదిలి వెళ్లిపోతుంది. విడుదలైన యూ6 వెళ్లి యూ2తో జతకడుతుంది. చర్యకు కావలసిన రెండు మెగ్నీషియం అయాన్లను పట్టుకునేది యూ6. ఈ సంగతి 2013లో ప్రయోగంతో తేలింది. కాబట్టి స్ప్లైసియోజోమ్ ఎన్ని ప్రోటీన్లున్నా మూలంలో ఒక రైబోజైమ్.

దీని నుంచి పరీక్షకు కావలసినది: రసాయన చర్య జరిగే సమయానికి యూ1, యూ4 అక్కడ ఉండవు. ఉన్నవి యూ2, యూ5, యూ6. యూ5 రెండు ఎక్సాన్ల చివరలను దగ్గరగా పట్టుకుంటుంది, అందుకే తెగిన మొదటి ఎక్సాన్ ఎక్కడికో కొట్టుకుపోదు. ఈ ఐదింటిలో యూ6ను మాత్రమే ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ 3 తయారుచేస్తుంది, మిగతా నాలుగూ పాలిమరేజ్ 2 పనే. ఆల్ఫా అమానిటిన్ తక్కువ మోతాదులో వేస్తే ఏది ఆగదు అని అడిగితే జవాబు ఇక్కడే ఉంది.

ఇప్పుడు అసలు కేసు

యూ1 తన అక్షరాలతో పూర్తిగా జతకుదరాలంటే 5′ స్ప్లైస్ సైట్ ఎలా ఉండాలో, మన బీటా గ్లోబిన్‌లో నిజంగా ఎలా ఉందో, మ్యుటేషన్ వచ్చాక ఎలా మారుతుందో చూడండి. నిలువు గీత ఎక్సాన్-ఇంట్రాన్ హద్దు.

```
U1కి సరిపోయేది :  CAG | GUAAGU
మామూలు జన్యువు :  CAG | GUUGGU
మ్యుటేషన్      :  CAG | GUUGCU
```

మామూలు జన్యువులోనే మూడో అక్షరం, నాలుగో అక్షరం సరిగ్గా లేవు. తొమ్మిదింటిలో ఏడే కుదిరాయి. అయినా పని నడుస్తుంది, ఎందుకంటే ఐదో గ్వానిన్, ఆరో యురాసిల్ గట్టిగా పట్టుకుంటున్నాయి. ఇప్పుడు ఐదో గ్వానిన్ సైటోసిన్‌గా మారింది. రిపోర్టుల్లో దీన్ని పాత పద్ధతిలో IVS1-5 G>C అనీ, కొత్త పద్ధతిలో c.92+5G>C అనీ రాస్తారు. మూడు, నాలుగు, ఐదు వరుసగా మూడు అక్షరాలకు జత లేదు. ఇక ఆరోది ఒంటరిగా ఉండి చేసేదేమీ లేదు. యూ1 పట్టు సడలిపోయింది.

గమనించండి, GU చెక్కుచెదరలేదు. "GU, AG ఉంటే స్ప్లైసింగ్ జరుగుతుంది" అని చదువుకున్న విద్యార్థి ఇక్కడ "ప్రభావం లేదు" అని గుర్తు పెట్టేస్తాడు. GU-AG అవసరమే కానీ, అది మాత్రమే సరిపోదు. జన్యువులో GU, AG అనే జతలు ఎక్కడ చూసినా దొరుకుతాయి. చుట్టుపక్కల అక్షరాలే వాటిలో అసలువాటిని నిర్ణయిస్తాయి.

పట్టు సడలిన యూ1 ఖాళీగా ఉండదు. దగ్గర్లో కొంచెం పోలిక ఉన్న చోట్లను వెతుక్కుంటుంది. వీటినే క్రిప్టిక్ సైట్లు అంటారు. ఈ మ్యుటేషన్‌లో మూడు క్రిప్టిక్ సైట్లు మేల్కొంటాయి. రెండు మొదటి ఎక్సాన్ లోపల, ఒకటి ఇంట్రాన్ లోపల. ఎక్సాన్‌లో ఉన్నవాటిలో ఒకదాన్ని తీసుకుందాం. అది అసలు హద్దుకు 16 అక్షరాల ముందు, 25వ కోడాన్ మధ్యలో ఉంది. అక్కడ కోస్తే ఎంఆర్‌ఎన్‌ఏలో 16 అక్షరాలు తక్కువవుతాయి.

```
మామూలు :  GGU GGU GAG GCC CUG GGC AG|G CUG CUG
16 తక్కువ :  GGU G|GC UGC UGG UGG UCU ACC
```

ఇక్కడ మూడో ప్రశ్న. 16 మూడుతో భాగించబడదు. రీడింగ్ ఫ్రేమ్ జరిగిపోయింది. 26వ కోడాన్ నుంచి అమైనో ఆమ్లాల వరుసే మారిపోతుంది. ఓపిక ఉంటే రెండో ఎక్సాన్ అక్షరాలు తెచ్చుకుని మూడేసి చొప్పున విడగొట్టుకుంటూ వెళ్లండి. కొత్త లెక్కలో 55వ కోడాన్ దగ్గర UGA వస్తుంది, అంటే అనువాదం ఆగిపోతుంది. మామూలు ఫ్రేమ్‌లో అయితే ఇది 60వ కోడాన్ చోటు.

ఇంతటితో జవాబు పూర్తి కాదు. ఆ UGA నుంచి రెండో, మూడో ఎక్సాన్ల అతుకు దాకా సుమారు 130 అక్షరాలున్నాయి. స్ప్లైసింగ్ జరిగిన ప్రతి అతుకుకు 20 నుంచి 24 అక్షరాల ముందు కణం ఒక ప్రోటీన్ గుంపును గుర్తుగా వదిలి వెళ్తుంది. ఆగే కోడాన్ చివరి అతుకుకు 50-55 అక్షరాలకంటే ముందే వచ్చేస్తే, రైబోజోమ్ ఆగాక కూడా ముందు ఆ గుర్తు మిగిలి ఉంటుంది. కణం దాన్ని చూసి ఆ ఎంఆర్‌ఎన్‌ఏను నాశనం చేస్తుంది. దీన్ని నాన్సెన్స్ మీడియేటెడ్ డికే అంటారు. మన లెక్కలో 130 ఉంది కాబట్టి ఈ నియమం వర్తిస్తుంది. అందుకే "పొట్టి గ్లోబిన్ ప్రోటీన్ పెద్దమొత్తంలో తయారవుతుంది" అన్న ఆప్షన్ తప్పు. ప్రోటీనే దాదాపు రాదు.

ఈ ఇంట్రాన్‌లోనే మొదటి అక్షరం గ్వానిన్ మారితే సరైన ఎంఆర్‌ఎన్‌ఏ అసలు రాదు. ఐదోది మారితే కొద్దిగా వస్తుంది, ఎందుకంటే GU ఉంది కాబట్టి యూ1 అప్పుడప్పుడైనా పట్టుకోగలదు. కానీ ఆ కొద్ది సరిపోదు. రెండు కాపీల్లోనూ ఈ మ్యుటేషన్ ఉన్న పిల్లలకు చాలామటుకు రక్తం ఎక్కిస్తూనే ఉండాలి. ల్యాబ్‌లో నా ముందు కూర్చున్న ఒక తండ్రి "ప్రోటీన్ రాసే చోటే కాదు కదా సార్, మధ్యలో తీసిపారేసే ముక్కలో మార్పు వస్తే పాపకు ఇంత ఎందుకైంది" అని అడిగారు. ఆయన స్కూలు టీచర్, అంతకుముందు రాత్రి కూర్చుని చదువుకుని వచ్చారు. నేను ఈ తొమ్మిది అక్షరాలను ఒక కాగితం మీద రాసి చూపించాను. అప్పటి నుంచి క్లాసులో కూడా ఇదే కాగితంతో మొదలుపెడుతూ వచ్చాను.

ఇంకా ఒక్క మెట్టు. మనం చూసిన ఆ 16 అక్షరాల క్రిప్టిక్ సైట్ చుట్టూ ఉన్న అక్షరాలు ఇవి:

```
మామూలు     :  GUG | GUGAGG
హెచ్‌బీ-ఇ   :  GUG | GUAAGG
```

హిమోగ్లోబిన్-ఇ అనేది మన ఈశాన్య రాష్ట్రాల్లో, బెంగాల్‌లో, ఆగ్నేయాసియాలో బాగా కనిపించే మార్పు. 26వ కోడాన్ GAG కాస్తా AAG అవుతుంది, గ్లుటామిక్ ఆమ్లం బదులు లైసిన్ వస్తుంది. పుస్తకంలో దీన్ని మిస్‌సెన్స్ మ్యుటేషన్‌గా చెప్పి వదిలేస్తారు. కానీ అదే అక్షరం క్రిప్టిక్ సైట్‌లో మూడో స్థానం. గ్వానిన్ బదులు అడినిన్ రావడంతో ఆ సైట్ యూ1కి మరింత దగ్గరైంది. అసలు 5′ స్ప్లైస్ సైట్ బాగానే ఉన్నా కొంత స్ప్లైసింగ్ ఇటువైపు మళ్లుతుంది. అందుకే హిమోగ్లోబిన్-ఇ ఉన్నవారిలో ప్రోటీన్ మారడమే కాదు, తగ్గుతుంది కూడా. ఎక్సాన్‌లో వచ్చిన మార్పును కోడాన్ పట్టికతో మాత్రమే చూసి వదిలేయకూడదని దీన్ని మించి చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

ఒక హెచ్చరిక. తొమ్మిదిలో ఎన్ని కుదిరాయో లెక్కపెట్టి "ఎక్కువ ఉన్నదే గెలుస్తుంది" అని తేల్చేయకండి. పై మ్యుటేషన్‌లో అసలు సైట్‌కు ఇంకా ఆరు కుదురుతున్నాయి, క్రిప్టిక్ సైట్‌కు ఐదే. అయినా క్రిప్టిక్ సైట్ పనిచేస్తోంది. జతలు ఎన్ని అన్నదానితో పాటు అవి ఎక్కడ ఉన్నాయి, వరుసగా ఉన్నాయా, చుట్టుపక్కల ఏ ప్రోటీన్లు అతుక్కుంటాయి అన్నవి కూడా తేల్చుతాయి. నిజంగా ఏ సైట్ వాడుకుందో తెలియాలంటే ఆర్‌ఎన్‌ఏ తీసి, మొదటి, రెండో ఎక్సాన్లలో ప్రైమర్లు పెట్టి ఆర్‌టీ-పీసీఆర్ చేసి, వచ్చిన బ్యాండ్‌ను సీక్వెన్స్ చేయాలి. జీనోమిక్ డీఎన్‌ఏ మీద పీసీఆర్ చేస్తే మ్యుటేషన్ ఉందని తెలుస్తుంది, స్ప్లైసింగ్ ఎలా జరిగిందో తెలియదు. ఈ తేడా మీద కూడా ప్రశ్న వస్తుంది.

ఆల్టర్నేటివ్ స్ప్లైసింగ్

ఇక్కడ మీరు రకాల పేర్లు చదివే ఉంటారు: ఎక్సాన్‌ను దాటేయడం, 5′ లేదా 3′ సైట్ మార్చడం, రెండు ఎక్సాన్లలో ఒక్కటే పెట్టడం, ఇంట్రాన్‌ను ఉంచేయడం. క్షీరదాల్లో ఎక్కువగా కనిపించేది ఎక్సాన్ దాటేయడం, మొక్కల్లో ఇంట్రాన్ ఉంచేయడం. ఈ ఒక్క తేడా తప్ప పేర్ల దగ్గర ఆగిపోవద్దు. ఎక్సాన్ ఉండాలా పోవాలా అన్నది ఎలా తేలుతుందో ఒక కేసులో చూడండి.

ఎస్‌ఎంఎన్1, ఎస్‌ఎంఎన్2 అనే రెండు జన్యువులు దాదాపు కవలలు. ఎస్‌ఎంఎన్1 పోతే స్పైనల్ మస్కులర్ అట్రఫీ వస్తుంది. ఎస్‌ఎంఎన్2 ఉన్నా దాన్ని పూర్తిగా భర్తీ చేయలేదు. కారణం ఏడో ఎక్సాన్‌లో ఆరో అక్షరం. ఎస్‌ఎంఎన్1లో అది C, ఎస్‌ఎంఎన్2లో T. కోడాన్ TTC అయినా TTT అయినా వచ్చేది ఫినైల్‌అలనినే. కోడాన్ పట్టిక ప్రకారం ఇది సైలెంట్ మార్పు. కానీ ఆ ఒక్క అక్షరంతో, ఎక్సాన్‌ను ఉంచమని చెప్పే ఎస్‌ఆర్ ప్రోటీన్ అతుక్కునే చోటు బలహీనపడుతుంది, ఎక్సాన్‌ను వదిలేయమని చెప్పే హెచ్‌ఎన్‌ఆర్‌ఎన్‌పీ ఏ1కు చోటు దొరుకుతుంది. ఫలితంగా ఎస్‌ఎంఎన్2 నుంచి వచ్చే ఎంఆర్‌ఎన్‌ఏలో ఎక్కువ భాగానికి ఏడో ఎక్సాన్ ఉండదు.

ఇప్పుడు నేను నేర్పిన మూడో ప్రశ్నే మిమ్మల్ని ఇక్కడ దారి తప్పించగలదు, కాబట్టి జాగ్రత్త. ఏడో ఎక్సాన్ పొడవు 54 అక్షరాలు. మూడుతో భాగిస్తే సరిగ్గా 18. "ఫ్రేమ్ చెడలేదు, 18 అమైనో ఆమ్లాలు మాత్రమే తగ్గుతాయి" అని రాసేస్తారు. అది తప్పు, ఎందుకంటే అనువాదం ఆగాల్సిన కోడాన్ ఆ ఏడో ఎక్సాన్‌లోనే ఉంది. ఎక్సాన్ పోతే ఆ కోడాన్ కూడా పోతుంది. రైబోజోమ్ ఎనిమిదో ఎక్సాన్‌లోకి వెళ్లి నాలుగు అమైనో ఆమ్లాలు అదనంగా చదివి ఆగుతుంది. మామూలు ప్రోటీన్‌లో 294 అమైనో ఆమ్లాలు. ఇక్కడ చివరి 16 పోయి, కొత్తగా 4 చేరి 282 అవుతాయి. ఆ ప్రోటీన్ నిలకడగా ఉండదు, త్వరగా నాశనమవుతుంది. కాబట్టి మూడుతో భాగించే ముందు ఆ ఎక్సాన్‌లో మొదలు కోడాన్ గానీ ఆగే కోడాన్ గానీ ఉందా అని చూడండి.

ఈ ఎనిమిదో ఎక్సాన్ మరో విషయం కూడా చెబుతుంది. మామూలు ఎస్‌ఎంఎన్ ఎంఆర్‌ఎన్‌ఏలో ఎనిమిదో ఎక్సాన్ ఒక్క అమైనో ఆమ్లాన్నీ రాయదు, అది పూర్తిగా 3′ యూటీఆర్. అయినా అది ఎక్సానే. ఎక్సాన్ అంటే ప్రోటీన్ రాసేది కాదు, తయారైన ఆర్‌ఎన్‌ఏలో మిగిలేది. "ఎక్సాన్లన్నీ కోడింగ్" అన్న వాక్యం కనిపిస్తే కొట్టేయండి.

2016 డిసెంబరులో అమెరికాలో అనుమతి పొందిన నుసినర్సెన్ మందు ఈ చోటనే పనిచేస్తుంది. అది 18 అక్షరాల చిన్న ముక్క. ఎస్‌ఎంఎన్2 ఏడో ఇంట్రాన్‌లో ఎక్సాన్‌ను వదిలేయమని చెప్పే ఒక చోటును కప్పేస్తుంది. దాంతో ఏడో ఎక్సాన్ ఎంఆర్‌ఎన్‌ఏలో ఉండిపోతుంది. ఇది జన్యువును మార్చదు, ఎంఆర్‌ఎన్‌ఏను నాశనం చేయదు, స్ప్లైసింగ్‌ను మళ్లిస్తుంది అంతే. "యాంటీసెన్స్ అంటే ఎంఆర్‌ఎన్‌ఏను కోసేయడమే" అని రాసిన ఆప్షన్ చూసి మోసపోవద్దు.

మిగిలిన ఉచ్చులు, క్లుప్తంగా

గ్రూప్ 1 ఇంట్రాన్లు, గ్రూప్ 2 ఇంట్రాన్లు రెండూ స్ప్లైసియోజోమ్ లేకుండానే తమను తాము కోసుకోగలవు. గ్రూప్ 2లో మన స్ప్లైసియోజోమ్ లాగే లోపలి అడినిన్ 2′-OH దాడి చేస్తుంది, లారియట్ వస్తుంది. గ్రూప్ 1లో బయటి నుంచి వచ్చిన గ్వానోసిన్ తన 3′-OHతో దాడి చేస్తుంది, లారియట్ రాదు. ఆ గ్వానోసిన్ ఇచ్చేది శక్తి కాదు, OH మాత్రమే, కాబట్టి జీటీపీ బదులు ఉట్టి గ్వానోసిన్ ఇచ్చినా సరిపోతుంది. నిజకేంద్రక జీవుల టీఆర్‌ఎన్‌ఏ ఇంట్రాన్లలో కథ వేరు. అక్కడ ఎండోన్యూక్లియేజ్ కోస్తుంది, లైగేజ్ ఏటీపీ ఖర్చుతో అతుకుతుంది. గ్రూప్ 1, గ్రూప్ 2 ఇంట్రాన్లు బ్యాక్టీరియాలో కూడా కొన్నిచోట్ల ఉన్నాయి. బ్యాక్టీరియాలో లేనిది స్ప్లైసియోజోమ్. "ప్రోకారియోట్లలో ఇంట్రాన్లే ఉండవు" అన్నది అందుకే తప్పు వాక్యం.

ఆర్-లూప్ బొమ్మ. 1977లో ఫిలిప్ షార్ప్, రిచర్డ్ రాబర్ట్స్ బృందాలు అడినోవైరస్ ఎంఆర్‌ఎన్‌ఏను దాని డీఎన్‌ఏతో జతకట్టించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూశాయి. ఎంఆర్‌ఎన్‌ఏలో జత లేని డీఎన్‌ఏ భాగాలు ఉచ్చుల్లా బయటికి వచ్చాయి. ఆ ఉచ్చులే ఇంట్రాన్లు, అవి డీఎన్‌ఏవి. ప్రశ్నలో ఎంఆర్‌ఎన్‌ఏ బదులు ప్రీ-ఎంఆర్‌ఎన్‌ఏ అని ఒక్క మాట మారిస్తే ఇంట్రాన్ ఉచ్చులు ఉండవు. ప్రశ్నను రెండుసార్లు చదవండి.

కొద్ది ఇంట్రాన్లను మరో చిన్న స్ప్లైసియోజోమ్ తీస్తుంది. అందులో యూ11, యూ12, యూ4ఏటీఏసీ, యూ6ఏటీఏసీ ఉంటాయి. యూ5 మాత్రం రెండింటికీ ఉమ్మడి. వాటిలో కొన్ని AU-ACతో ఉన్నా చాలావరకు GU-AGతోనే ఉంటాయి. అంటే చివరి అక్షరాలు చూసి ఏ స్ప్లైసియోజోమో చెప్పలేం.

ఇప్పుడు మీరే ఒకటి చేయండి. మన మొదటి ఇంట్రాన్ చివరి భాగం కింద ఇచ్చాను. ఇందులో 110వ అక్షరం గ్వానిన్ అడినిన్‌గా మారడం మధ్యధరా దేశాల్లో బాగా కనిపించే బీటా తలసీమియా మ్యుటేషన్.

```
మామూలు    : CCUAUUGGUCUAUUUUCCCACCCUUAG|G CUG CUG
మ్యుటేషన్ : CCUAUUAGUCUAUUUUCCCACCCUUAG|G CUG CUG
```

కొత్త AG పుట్టింది చూడండి. బ్రాంచ్ పాయింట్ తర్వాత మొదట ఎదురయ్యేది ఇప్పుడు ఇదే. ఎక్కువ ఎంఆర్‌ఎన్‌ఏల్లో కోత ఇక్కడే పడుతుంది. మొదటి ఎక్సాన్ చివర 30వ కోడాన్‌లోని AG ఉందని గుర్తుంది కదా. దాని పక్కన కొత్త AG తర్వాతి అక్షరాలు వరుసగా రాసి, మూడేసి విడగొట్టండి. ఎన్ని అక్షరాలు చేరాయి, ఆగే కోడాన్ ఎక్కడ వచ్చింది, ఆ కోడాన్ ఏ అక్షరాలతో తయారైంది, ఆ ఎంఆర్‌ఎన్‌ఏ నిలుస్తుందా నాశనమవుతుందా, ఈ నాలుగూ కింద రాయండి. నేను చూసి సరిదిద్దుతాను.